ఆటోక్యాడ్‌లో ఏ పనికి ఏ కీ: అలియాస్, ఫంక్షన్ కీ, లిస్ప్‌లలో ఎంచుకోవడం

ఆటోక్యాడ్‌లో రిబ్బన్ మీది బొమ్మలను వెతుక్కోవడం మాని కీబోర్డుతో గీద్దామనుకునేవారికి ప్రధానంగా నాలుగు మార్గాలున్నాయి. సాఫ్ట్‌వేర్‌తోపాటే వచ్చే రెడీమేడ్ అలియాస్‌లు, అంటే `LINE`కు `L` లాంటి పొట్టి పేర్లు, మొదటిది, కీబోర్డు పైవరుసలోని ఫంక్షన్ కీలు రెండోది, `acad.pgp` అనే ఫైల్లో మనమే రాసుకునే సొంత అలియాస్‌లు మూడోది, లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకునే ఒకటి రెండు వరుసల కమాండ్లు నాలుగోది. తిరుపతిలో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులకు కొత్తగా వచ్చే కుర్రవాళ్లలో చాలామంది ఈ నాలుగింటినీ ఒకే పనికి నాలుగు పద్ధతులనుకుని, వాటిలో ఏది అన్నిటికంటే వేగమైనదని అడుగుతారు. అవి ఒకదానికొకటి పోటీ కావు. ఒక్కొక్కటి ఒక్కో రకం పనికి పనికొస్తుంది. ఒక దాని పనిని మరొకదానితో చేయించినప్పుడే తప్పులు దొర్లుతాయి.

ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. మనకు కావలసింది ఒక పని మొదలుపెట్టడమా, లేక నడుస్తున్న పని మధ్యలో పద్ధతి మార్చుకోవడమా? గీత గీయడం, జరపడం, ఆఫ్‌సెట్ చేయడం పనులు. గీత అడ్డంగానో నిలువుగానో మాత్రమే సాగాలనడం, కర్సర్ గీతల కొనలను పట్టుకోవాలనడం పద్ధతులు. పనికి అలియాస్ సరిపోతుంది, పద్ధతికి ఫంక్షన్ కీ కావాలి. `LINE` నడుస్తుండగా ఆర్థో, అంటే అడ్డంగానో నిలువుగానో మాత్రమే సాగే పద్ధతి, కావాలని తోస్తే `F8` నొక్కవచ్చు. గీత తెగదు, కమాండ్ లైన్లో `<Ortho on>` అని కనిపించి పని అక్కడినుంచే కొనసాగుతుంది. అదే చోట ఇంకో కమాండు అలియాస్ టైప్ చేస్తే, ఆటోక్యాడ్ దాన్ని అప్పుడు అడుగుతున్న బిందువుకు జవాబుగా తీసుకుని, అది చెల్లదని చెబుతుంది.

ఫంక్షన్ కీలతో ఉన్న ఇబ్బంది కూడా ఈ గుణంలోంచే వస్తుంది. అలియాస్ కొట్టిన ఫలితం వెంటనే కంటికి కనిపిస్తుంది. ఫంక్షన్ కీ మార్చిన స్థితి మాత్రం మళ్లీ నొక్కేదాకా అలాగే ఉండిపోతుంది, చాలాసార్లు మన దృష్టికి రాదు. దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం.

30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు ఉన్న సైటు తీసుకుందాం. మా వైపు 36 చదరపు అడుగుల అంకణం లెక్కన ఇది 33 అంకణాల పైచిలుకు. డ్రాయింగు ఆర్కిటెక్చరల్ యూనిట్లలో, అంటే అడుగులు అంగుళాల్లో ఉంది. `REC` అని కొట్టి, స్పేస్ బార్ నొక్కి, మొదటి మూలను తెర మీద ఎక్కడో ఒకచోట క్లిక్ చేసి, రెండో మూలకు `30',40'` అని టైప్ చేస్తాం. డైనమిక్ ఇన్‌పుట్ ఆన్‌లో ఉంటే, ముందుగా ఉన్న అమరిక ప్రకారం, రెండో బిందువు మొదటి బిందువు నుంచి కొలత అవుతుంది కనుక సరిగ్గా 30×40 పెట్టె వస్తుంది. ఆ స్థితిని మార్చే కీ `F12`. ఎప్పుడో వేలు తగిలి అది ఆఫ్ అయి ఉంటే, అదే టైపింగుకు అర్థం మారిపోతుంది. ఆటోక్యాడ్ ఆ అంకెలను డ్రాయింగు మూలబిందువు నుంచి లెక్కిస్తుంది. మొదటి మూల `50',20'` దగ్గర పడిందనుకుంటే, పెట్టె అక్కడినుంచి `30',40'` అనే చోటికి సాగి, అన్ని వైపులా 20 అడుగులున్న చతురస్రం అవుతుంది. మా దగ్గర పనిచేసే ఒక కుర్రవాడు ఇలాంటి చతురస్రం చూసి, "అన్నా, డాక్యుమెంట్లో కొలతలు తప్పు పడినట్లున్నాయి" అన్నాడు. డాక్యుమెంటులో తప్పేమీ లేదు.

మొదటి మూల నిజంగా `0,0` మీద పడితే పెట్టె ఎలాగూ సరిగ్గానే వస్తుంది. అందువల్ల ఈ తప్పు కొన్నిసార్లు మాత్రమే బయటపడి, సాఫ్ట్‌వేరే చెడిపోయిందేమోనన్న అనుమానం కలిగిస్తుంది. దీనికి రెండు మందులున్నాయి. రెండో మూలకు ఎప్పుడూ `@30',40'` అని `@` గుర్తుతో కలిపి టైప్ చేసే అలవాటు చేసుకుంటే, `F12` ఏ స్థితిలో ఉన్నా ఫలితం ఒకటే. రెండోది, కిందనున్న స్టేటస్ బార్‌లో కుడిచివర మూడు గీతల గుర్తును నొక్కి, `Dynamic Input` దగ్గర టిక్ పెట్టడం. అప్పుడు ఆ బొమ్మ ఎప్పుడూ కంటికి కనబడుతూ ఉంటుంది. నేను మొదటిదాన్నే సిఫారసు చేస్తాను. ఒక అక్షరం ఎక్కువ కొట్టడం కంటే ప్రతిసారీ స్టేటస్ బార్ వంక చూడడానికే ఎక్కువ సమయం పడుతుంది.

`F3` విషయమూ ఇంతే. ఆబ్జెక్ట్ స్నాప్ ఆఫ్ అయిందని గమనించకుండా గోడలు గీస్తూ పోతే, మూలలు కంటికి కలిసినట్లే కనిపిస్తాయి. తీరా `H` కొట్టి హ్యాచ్ వేయబోతే హద్దు మూసుకుని లేదంటుంది. అప్పుడు ఆ మూల దగ్గరికి జూమ్ చేస్తే వెంట్రుకవాసి సందు బయటపడుతుంది. వ్యాసార్థం 0 పెట్టి `F` అంటే ఫిల్లెట్‌తో ఆ రెండు గీతలనూ కలపవచ్చు గానీ, అలాంటి మూలలు ఎన్ని ఉన్నాయో వెతకడం మొదటినుంచి గీసినంత పని.

ఆర్థోకు `F8` వాడాలా, షిఫ్ట్ కీ నొక్కిపట్టుకోవాలా అన్నది తరచుగా వచ్చే మరో సందేహం. షిఫ్ట్ నొక్కి ఉంచినంతసేపు ఆర్థో తాత్కాలికంగా ఆన్ అవుతుంది, లేదా ముందే ఆన్‌లో ఉంటే ఆఫ్ అవుతుంది. వదలగానే పాత స్థితి తిరిగి వస్తుంది. స్థితి మిగిలిపోదు కనుక ఇదే మేలనిపిస్తుంది. ఒకే ఒక్క బిందువును మౌస్‌తో పెట్టేటప్పుడు నిజంగానే ఇది మేలు. అయితే దీనికొక పరిమితి ఉంది. షిఫ్ట్‌తో ఆర్థో తెచ్చుకున్నప్పుడు, కర్సర్‌ను ఒక దిక్కుకు పెట్టి దూరాన్ని నేరుగా టైప్ చేసే పద్ధతి పనిచేయదు. కుడివైపు చూపి `12'6` అని కొట్టి గోడ గీత గీసేవారు, అంటే ఇళ్ల ప్లాన్లు గీసే మనలాంటివారంతా, `F8` మీదే ఆధారపడాలి. `F8` ఆన్ చేస్తే `F10` మీదున్న పోలార్ ట్రాకింగ్ దానంతటదే ఆఫ్ అవుతుందని కూడా గుర్తుంచుకోవాలి. ఏటవాలు సైటు హద్దు గీస్తూ కోణం పట్టుకోవడం లేదని విసుక్కునేవారు ముందు చూడవలసింది ఇదే.

ఇక అలియాస్‌ల సంగతి. రెడీమేడ్‌గా వచ్చేవి ముందు నేర్చుకోవాలన్నది నా నిశ్చితాభిప్రాయం. `L`, `O`, `M`, `CO`, `TR`, `EX`, `MI`, `F`, `DLI`, `LA` అనే ఈ పది వచ్చినవారు ఒక ఇంటి ప్లాన్‌లో చాలా భాగం రిబ్బన్ ముట్టుకోకుండా పూర్తిచేయగలరు. సొంత అలియాస్‌ల అవసరం ఆ తర్వాత వస్తుంది. దానికి సరైన కారణం కూడా ఒకటే ఉంది: చేతుల అమరిక. కుడిచేయి మౌస్ మీద, ఎడమచేయి కీబోర్డు మీద ఉంచి గీసేవారికి `C`, `E`, `X`, `S`, `F`, `TR`, `EX` అన్నీ ఎడమవైపే అందుతాయి. అతి ఎక్కువగా వాడే `L`, `O`, `M` మాత్రం కీబోర్డు కుడి సగంలో ఉన్నాయి. వాటికోసం ఎడమచేయి అంతదూరం వెళ్లాలి, లేదా కుడిచేయి మౌస్ వదలాలి. రోజంతా గీసేవారికి మణికట్టులో తెలిసే తేడా ఇది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఉన్న అక్షరానికి అర్థం మార్చేయడం. `C` అంటే సర్కిల్ ఎందుకు, కాపీ చేసుకుందాం అనుకుంటారు. నేనూ ఒకప్పుడు ఇదే చేశాను. `EX`లో ఒక అక్షరం ఆదా అవుతుందని `E`ని `EXTEND`కు మార్చుకుని, ఏడాదిపాటు హాయిగా వాడాను. తర్వాత వేరే ఆఫీసులో ఒక ప్లాన్ సవరించడానికి కూర్చుని, గోడ గీతలను సైటు హద్దు దాకా సాగదీయడానికి అలవాటుకొద్దీ `E` కొట్టాను. 2021కి ముందు వెర్షన్లలో `EXTEND` ముందుగా హద్దు గీతను ఎంచుకోమని అడిగేది. ఎంచుకుని స్పేస్ బార్ నొక్కాలి. ఆ కంప్యూటర్లో `E` అంటే `ERASE`. అది కూడా గీతను ఎంచుకోమనే అడుగుతుంది, స్పేస్ బార్ నొక్కితే చెరిపేస్తుంది. చేతి కదలికలు రెండింటికీ అచ్చంగా ఒకటే. సైటు హద్దు చెరిగిపోయింది. దాని మీదే కాంపౌండు గోడ బయటి గీత వేరే లేయర్లో సరిగ్గా కూర్చుని ఉండటంతో, తెర మీద ఏమీ పోయినట్లు అనిపించలేదు. గోడ సాగకపోయేసరికి సరిగా క్లిక్ పడలేదనుకుని `EX`తో మళ్లీ చేశాను. కాంపౌండు లేయర్ ఆపి తీసిన ప్రింటులో సైటు హద్దు ఒకవైపు లేదని, ప్లాన్ తీసుకోవడానికి వచ్చిన ఇంటాయన చెబితేగాని తెలియలేదు.

కాబట్టి ఉన్న అలియాస్ అర్థాన్ని మార్చవద్దు. ఖాళీగా ఉన్న పేరును కొత్తగా చేర్చుకోండి. ఎడమచేతి కింద ఒకే అక్షరం రెండుసార్లు కొట్టే పేర్లు దీనికి అనువు. నా ఫైల్లో అదనంగా ఉన్నవి మూడే:

```
VV,  *MOVE
CC,  *COPY
DF,  *DIMLINEAR
```

`M`, `CO`, `DLI` ఎప్పటిలాగే పనిచేస్తాయి కనుక, అదే కంప్యూటర్లో సాయంత్రం షిఫ్టులో కూర్చునేవారికి ఏ ఇబ్బందీ ఉండదు. నేను ఇంకో ఆఫీసుకు వెళ్లి అలవాటుగా `VV` కొట్టినా, `Unknown command` అన్న సందేశం వస్తుందేగానీ ఏ గీతా పాడవదు. అలియాస్ తప్పిపోతే ఏం జరుగుతుందన్నది, అది ఎంత వేగమన్నదానికంటే ముందు చూడవలసిన విషయం.

ఈ వరుసలను చేర్చడానికి `Manage` ట్యాబ్‌లో `Edit Aliases` నొక్కితే `acad.pgp` నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. మీరు పెట్టదలచిన పేరు ముందే ఉందేమో వెతికి చూసుకుని, ఫైలు చివర వినియోగదారుల కోసం కేటాయించిన భాగంలో రాయాలి. ఒకే పేరు రెండుసార్లు ఉంటే కింద ఉన్నదే చెల్లుతుంది. కామా, నక్షత్రం గుర్తు రెండూ తప్పనిసరి; నక్షత్రం మరచిపోతే ఆ వరుస అలియాస్‌గా పనిచేయదు. సేవ్ చేశాక ఆటోక్యాడ్‌లో `REINIT` కొట్టి `PGP File` దగ్గర టిక్ పెడితే, ప్రోగ్రాం మూసి తెరవకుండానే కొత్త పేర్లు అమల్లోకి వస్తాయి. ఇంత చేసినా పనిచేయకపోతే, మీరు దిద్దింది అసలు ఫైలు కాకపోవచ్చు. ఈ ఫైలుకు `Program Files` కింద ఇంకో నకలు ఉంటుంది; దాన్ని దిద్దితే మీ లాగిన్‌కు ఏ మార్పూ రాదు. నిజంగా వాడుకలో ఉన్న ఫైలు ఎక్కడుందో తెలుసుకోవాలంటే కమాండ్ లైన్లో ఇది టైప్ చేస్తే చాలు:

```
(findfile "acad.pgp")
```

ఎల్‌టీ వెర్షన్ వాడేవారికి ఆ ఫైలు పేరు `acadlt.pgp`. పై వరుస లిస్ప్ కనుక 2024కి ముందు ఎల్‌టీలో పనిచేయదు.

అలియాస్ చేయలేని పని ఒకటుంది. అది కమాండును మొదలుపెట్టగలదేగానీ, దానిలోని ఆప్షన్‌ను గాని కొలతను గాని ముందే ఇవ్వలేదు. `ZOOM` తెరిచి `E` ఎంచుకోవడం రెండింటినీ ఒకే అలియాస్‌తో చేయించలేము. అక్కడ లిస్ప్ వస్తుంది. మన ఇళ్ల ప్లాన్లలో దాని ఉపయోగం గోడల దగ్గర బాగా తెలుస్తుంది. బయటి గోడలు 9 అంగుళాలు, లోపలి అడ్డగోడలు నాలుగున్నర అంగుళాలు. సాధారణ పద్ధతిలో `O`, స్పేస్, `9`, స్పేస్ అని నాలుగు కీలు కొడతాం. అడ్డగోడకు `O`, స్పేస్, `4.5`, స్పేస్ అని ఆరు. దీనికి బదులు రెండు చిన్న కమాండ్లు రాసుకోవచ్చు:

```
(defun c:WW () (command "_.OFFSET" 9.0) (princ))
(defun c:W4 () (command "_.OFFSET" 4.5) (princ))
```

`WW` కొట్టి స్పేస్ నొక్కగానే కొలత అడగకుండా, నేరుగా ఏ గీతను ఆఫ్‌సెట్ చేయాలని అడుగుతుంది. ఆదా అయ్యేది ఒక్కోసారి ఒకటి నుంచి మూడు కీలే. అంతమాత్రం వేగం కోసమైతే ఈ శ్రమ అనవసరమనే చెబుతాను. అసలు లాభం వేరే ఉంది. `OFFSET` కిందటిసారి ఇచ్చిన దూరాన్ని గుర్తుపెట్టుకుని, ఈసారికి అదే సూచిస్తుంది. వరుసగా బయటి గోడలు మాత్రమే వేసుకుంటూ పోయేటప్పుడు అది వరమే; కొలత కొట్టకుండా స్పేస్ నొక్కితే సరిపోతుంది. కాని ప్లాన్ లోపల బయటి గోడ, అడ్డగోడ మార్చి మార్చి వస్తుంటాయి. మధ్యలో ఫోను వచ్చి మాట్లాడి వచ్చాక, కిందటిది 9 అనుకుని స్పేస్ నొక్కితే నాలుగున్నర గోడ పడుతుంది. రెండు గీతల మధ్య నాలుగున్నర అంగుళాల తేడా 40 అడుగుల ప్లాన్‌లో కంటికి ఆనదు. గది లోపలి కొలత వేసి చూసినప్పుడు 10 అడుగులకు బదులు 10 అడుగుల నాలుగున్నర అంగుళాలు వస్తే తప్ప పట్టుబడదు. `WW`, `W4` వాడితే ఆ జ్ఞాపకంతో పనే లేదు.

ఇదే కమాండు మరోచోట ముంచుతుంది కూడా. ఆ `9.0` అనేది 9 అంగుళాలు కాదు, డ్రాయింగులోని 9 యూనిట్లు. స్ట్రక్చరల్ ఇంజనీరు మిల్లీమీటర్లలో గీసి పంపిన ఫైల్లో `WW` కొడితే 9 మిల్లీమీటర్ల గోడ వస్తుంది. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి అతుక్కున్నట్లు కనిపిస్తాయి. మీటర్లలో ఉన్న సర్వే డ్రాయింగులో అయితే గోడ 9 మీటర్ల అవతల పడుతుంది. ఈ రెండూ వెంటనే కనిపించే తప్పులే కావడం మన అదృష్టం. మిల్లీమీటర్లలో కూడా తరచుగా గీసేవారు `230.0`తో వేరే పేరు పెట్టుకోవడం మంచిది. ఒకే పేరు రెండు యూనిట్లకు పనిచేసేలా లిస్ప్‌ను పెంచుకుంటూ పోతే దాన్ని సరిచూసుకోవడమే ఒక పనవుతుంది.

ఈ రెండు వరుసలను నోట్‌ప్యాడ్‌లో రాసి `.lsp` ఫైలుగా దాచి, `APPLOAD`లోని `Startup Suite`లో చేరిస్తే ప్రతిసారీ అవే లోడవుతాయి. ఎల్‌టీలో లిస్ప్ సౌకర్యం 2024 వెర్షన్ నుంచి వచ్చింది. అంతకు ముందు ఎల్‌టీ ఉన్న ఆఫీసుల్లో ఈ మార్గం ఎంపికలోనే ఉండదు, అక్కడ అలియాస్‌లతోనే సర్దుకోవాలి.

ఎవరు ఏది ఎంచుకోవాలన్నది ఇప్పుడు చెప్పవచ్చు. పాలిటెక్నిక్ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నవారు రెడీమేడ్ అలియాస్‌లకు, `F3`, `F8`, `F12`లకు పరిమితం కావాలి. టెస్టు పెట్టే ఆఫీసులో మీ `acad.pgp` ఉండదు, మీ వేళ్లకు తెలిసినదే ఉంటుంది. ఒకే కంప్యూటర్‌ను ముగ్గురు పంచుకునే ఆఫీసులో కొత్త పేర్లు చేర్చుకోవచ్చు గానీ పాతవాటిని ముట్టుకోకూడదు. సొంత కంప్యూటర్లో, ఏళ్ల తరబడి ఒకే రకం ప్లాన్లు గీసేవారికే లిస్ప్ శ్రమకు తగిన ఫలితం ఇస్తుంది.

`CUI` ద్వారా కంట్రోల్, షిఫ్ట్ కలిపి షార్ట్‌కట్‌లు పెట్టుకునే ఐదో మార్గం కూడా ఉంది. దాన్ని నేను ఒకే ఒక్క పనికి వాడతాను. ఎస్కేప్ పక్కనే ఉండే `F1` పొరపాటున తగిలితే హెల్ప్ తెరుచుకుంటుంది. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు అది వచ్చేదాకా కూర్చోవాలి. `CUI` తెరిచి, `Command List`లో కొత్త కమాండు ఒకటి చేసి, దాని మ్యాక్రో గడిలో `^C^C` అని మాత్రమే ఉంచి, దాన్ని `Keyboard Shortcuts` కింద `Shortcut Keys`లోకి లాగి, కీ గడిలో `F1` నొక్కితే, అప్పటినుంచి `F1` కూడా ఎస్కేప్ లాగే నడుస్తున్న కమాండును రద్దు చేస్తుంది. హెల్ప్ నిజంగా కావలసినప్పుడు `HELP` అని టైప్ చేసుకోవచ్చు. ల్యాప్‌టాప్ వాడేవారికి మాత్రం దీనికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో పైవరుస కీలు వెలుతురు, శబ్దం మార్చడానికి కేటాయించి ఉంటాయి. `F8` నొక్కితే ఆర్థో రాకుండా మరేదో జరుగుతుంటే, ఎఫ్‌ఎన్ లాక్ మార్చేదాకా పైన ఫంక్షన్ కీల గురించి చెప్పినదేదీ మీ కంప్యూటర్లో పనిచేయదు.